జరిమానా సొమ్ముతో వెలసిన దేవుళ్లు

గ్రీసు దేశంలోని ఒలింపియాలో పాత పరుగుపందెపు మైదానానికి వెళ్లే దారి పక్కన 16 రాతి దిమ్మెలు వరుసగా కనిపిస్తాయి. ఒకప్పుడు వాటి మీద జ్యూస్ దేవుడి కంచు విగ్రహాలు ఉండేవి. పందెం గెలిచినవాళ్ల గుర్తుగా నిలబెట్టారేమో అనిపిస్తుంది గానీ, సంగతి వేరు. ఆటల్లో మోసం చేసి పట్టుబడిన వాళ్ల నుంచి వసూలు చేసిన జరిమానా సొమ్ముతో పోయించిన విగ్రహాలవి. గెలుపు డబ్బుతో వచ్చేది కాదనీ, కాళ్ల వేగంతో, ఒంటి బలంతో రావాలనీ వాటి దగ్గర చెక్కి ఉండేదని క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాసిపెట్టాడు. మైదానంలో అడుగుపెట్టబోయే ప్రతి ఆటగాడూ ఆ వరుస ముందునుంచే నడిచి వెళ్లాలి.

‘ప్రాచీన, ఆధునిక ఒలింపిక్స్ చరిత్ర, ఆశయాలు వివరింపుము’ అనే ప్రశ్నకు మన పిల్లలు మూడు మాటలు బట్టీపట్టి రాస్తుంటారు. ఆటలప్పుడు గ్రీకులు యుద్ధాలు మానేసేవారు, ఆలివ్ కొమ్మల కిరీటం కోసమే ఆడేవారు, నిజాయితీకి ప్రాణమిచ్చేవారు. మూడింటిలోనూ నిజం ఉంది, కానీ సగమే. ఆ మిగతా సగం కూడా కలిస్తేనే ఆ ఆశయాలు ఎందుకు పుట్టాయో తెలుస్తుంది.

లెక్క ప్రకారం మొదటి ఒలింపిక్స్ క్రీ.పూ. 776లో జరిగాయి. అప్పుడు ఉన్నది ఒక్కటే పోటీ. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు, సుమారు 192 మీటర్ల పరుగు. గెలిచినవాడు కొరోయిబోస్, ఎలిస్ రాజ్యానికి చెందిన వంటవాడు. తర్వాత కుస్తీ, ముష్టియుద్ధం, రథాల పందెం ఒక్కొక్కటే చేరి, అయిదు రోజుల పండుగ అయింది. నాలుగేళ్లకోసారి జ్యూస్ దేవుడికి చేసే జాతరలో ఈ పోటీలు ఒక భాగం. పోటీదారులు స్వేచ్ఛగా బతికే గ్రీకు పురుషులే అయి ఉండాలి. బానిసలకు, పరాయివాళ్లకు చోటు లేదు. పెళ్లయిన ఆడవాళ్లను చూడటానికి కూడా రానిచ్చేవారు కాదు. అయినా స్పార్టా రాజకుమారి కినిస్కా క్రీ.పూ. 396లో విజేతగా పేరు రాయించుకుంది. రథాల పందెంలో కిరీటం తోలినవాడిది కాదు, గుర్రాల యజమానిది. గుర్రాలు ఆమెవి మరి!

ఆటలకు ముందు ఎలిస్ నుంచి దూతలు గ్రీకు రాజ్యాలన్నీ తిరిగి సంధి ప్రకటించేవారు. యుద్ధాలన్నిటినీ ఆపే శాంతి ఒప్పందం అది కాదు. దాని హద్దు చిన్నది: ఒలింపియా మీదికి సైన్యం రాకూడదు, ఆటలకు వచ్చిపోయే వాళ్లను దారిలో ఎవరూ ముట్టుకోకూడదు. ఏథెన్స్, స్పార్టా ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న కాలంలోనూ ఆటలు ఆగకపోవడానికి ఇదే కారణం.

ఆ చిన్న హద్దును దాటినా ఎలిస్ వాళ్లు ఊరుకునేవారు కాదు. క్రీ.పూ. 420లో స్పార్టా సంధి కాలంలోనే తమ కోట మీద దాడి చేసిందనీ, లెప్రియోన్ అనే ఊళ్లోకి సైనికులను పంపిందనీ వాళ్లు ఆరోపించారు. సైనికుడికి రెండు మినాల చొప్పున 2,000 మినాల జరిమానా వేశారు. సంధి చాటింపు తమ ఊరికి ఇంకా చేరకముందే జరిగిందని స్పార్టా వాదించింది, సొమ్ము మాత్రం కట్టలేదు. దాంతో ఆ ఏడాది స్పార్టా వాళ్లను గుడిలోకీ, పోటీల్లోకీ రానివ్వలేదు. లికాస్ అనే స్పార్టా ధనవంతుడు మాత్రం తన రథాన్ని బియోషియా పేరు మీద దింపాడు. రథం గెలిచింది. బియోషియా గెలిచిందని చాటింపు వేస్తుంటే ఉండబట్టలేక, లికాస్ మైదానంలోకి వచ్చి సారథి తలకు తనే పట్టీ కట్టాడు. రథం ఎవరిదో అందరికీ తెలిసిపోయింది. న్యాయనిర్ణేతల మనుషులు అంతమంది జనం ముందే అతణ్ని కొట్టారు. స్పార్టా సైన్యం ఎక్కడ విరుచుకుపడుతుందోనని ఆ ఆటలన్నీ సాయుధ కాపలా మధ్యే సాగాయని చరిత్రకారుడు తుసిడిడీస్ చెబుతాడు.

ఇక నిజాయితీ సంగతి. పోటీదారులు ఇంటి దగ్గర పది నెలలు సాధన చేశామని ప్రమాణం చేయాలి. రెండు చేతుల్లో పిడుగులు పట్టుకున్న జ్యూస్ విగ్రహం ముందు, బలిచ్చిన పంది మాంసపు ముక్కల మీద ఆ ప్రమాణం జరిగేది. ఆటగాడి వెంట అతని తండ్రి, అన్నదమ్ములు, గురువు కూడా మోసం చేయమని ఒట్టు వేయాలి.

ఇంత కట్టుదిట్టంగా ఉన్నా క్రీ.పూ. 388లో యుపోలస్ అనే ముష్టియోధుడు ముగ్గురు ప్రత్యర్థులకు లంచమిచ్చి గెలిచాడు. ఇచ్చినవాడికీ, పుచ్చుకున్న ముగ్గురికీ జరిమానా పడింది. ఆ సొమ్ముతో మొదటి ఆరు విగ్రహాలు లేచాయి. క్రీ.పూ. 332లో ఏథెన్స్‌కు చెందిన కలిప్పస్ అదే పని చేసినప్పుడు వ్యవహారం ఒక మనిషితో ఆగలేదు. జరిమానా మాఫీ చేయించుకు రమ్మని ఏథెన్స్ తన పేరుమోసిన వక్త హైపరిడీస్‌ను ఎలిస్‌కు పంపింది. ఎలిస్ ససేమిరా అంది. అలిగిన ఏథెన్స్ ఆటలకు రావడమే మానేసింది. చివరికి, బాకీ తీర్చేదాకా ఏథెన్స్‌కు సోదె చెప్పేది లేదని డెల్ఫీ దేవాలయం తేల్చేసరికి దారికొచ్చింది. ఆ సొమ్ముతో మరో ఆరు విగ్రహాలు వెలిశాయి. తమ ఊరి ఆటగాణ్ని వెనకేసుకొచ్చే ప్రభుత్వాలు ఈనాటివి కావన్నమాట.

ఉత్త ఆలివ్ కొమ్మ కోసం ఎవరైనా లంచమిస్తారా? ఒలింపియాలో ఇచ్చేది కొమ్మే, కానీ సొంత ఊళ్లో దొరికేది వేరు. ఒలింపిక్ విజేతకు 500 ద్రాక్మాలు ఇవ్వాలని ఏథెన్స్‌లో సోలోన్ చట్టం చేశాడని ప్లూటార్క్ రాశాడు. జీవితాంతం ఊరి ఖర్చుతో భోజనం అదనం. డబ్బు ఆశ లేకుండా ఆడే ఆటగాడు అనే ఊహ గ్రీకులది కాదు.

రోమన్ల పాలనలో ఆటలు సాగాయి గానీ వాటి పట్టు సడలింది. క్రీ.శ. 67లో నీరో చక్రవర్తి పది గుర్రాల రథం తోలుతూ కిందపడ్డాడు, పందెం పూర్తి చేయలేదు, అయినా కిరీటం అతనికే పెట్టారు. 4వ శతాబ్దం చివర థియోడోసియస్ చక్రవర్తి పాత దేవుళ్ల పూజలను నిషేధించాక, ఆ పూజలో భాగమైన ఆటలూ కనుమరుగయ్యాయి.

సుమారు 1,500 ఏళ్ల తర్వాత వాటిని మళ్లీ లేపినవాడు ఫ్రాన్సుకు చెందిన పియర్ డి కుబర్టిన్. ఆయనకంటే ముందే గ్రీసులోనూ, ఇంగ్లండులోని మచ్ వెన్‌లాక్ అనే చిన్న ఊళ్లోనూ ఒలింపిక్ పేరుతో పోటీలు జరిగాయి. కుబర్టిన్ వాటిని దేశాలన్నిటి పండుగగా మార్చాడు. 1894 జూన్ 23న పారిస్‌లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఏర్పడింది, 1896 ఏప్రిల్‌లో ఏథెన్స్‌లో మొదటి ఆటలు జరిగాయి. మనం సనాతనం అనుకునే గుర్తులన్నీ ఆ తర్వాతివే. అయిదు వలయాల జెండా, క్రీడాకారుల ప్రమాణం 1920లో యాంట్‌వెర్ప్‌లో వచ్చాయి. ఒలింపియా నుంచి చేతులు మారుతూ వచ్చే జ్యోతి 1936లో, హిట్లర్ పాలనలోని బెర్లిన్ ఆటలతో మొదలైంది.

కొత్త ఆటలకు గ్రీకుల పేరు చెప్పి తగిలించిన ఆశయం ఒకటుంది. డబ్బు కోసం ఆడేవాడికి ఇక్కడ చోటు లేదు అన్నది. నిజానికి అది 19వ శతాబ్దపు ఇంగ్లిష్ పెద్దింటివాళ్ల నియమం. హెన్లీ పడవ పందేల వాళ్లు 1879లో చేసిన నిబంధన ప్రకారం చేతిపనివాడు, కూలీ పోటీకే అనర్హులు. తిండికి లోటు లేనివాడికి ఊరికే ఆడటం తేలిక. పూట గడవాలంటే కష్టపడాల్సినవాడికి అది కుదరదు.

ఆ నియమానికి బలైనవాడు జిమ్ థోర్ప్. అమెరికా ఆదివాసుల్లో శాక్ అండ్ ఫాక్స్ జాతివాడు. 1912 స్టాక్‌హోమ్‌లో అయిదంశాల పోటీ, పదంశాల పోటీ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. 1909, 1910 సంవత్సరాల్లో నార్త్ కరొలైనాలో చిన్న మొత్తాలకు బేస్‌బాల్ ఆడాడని 1913 జనవరిలో ఒక పత్రిక బయటపెట్టింది. అప్పట్లో కాలేజీ కుర్రాళ్లు చాలామంది దొంగ పేర్లతో ఆడేవారు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. అభ్యంతరాలేమైనా ఉంటే ఆటలైన 30 రోజుల్లోపు చెప్పాలన్నది స్టాక్‌హోమ్ నిబంధనే. నెలలు గడిచాక వచ్చిన ఫిర్యాదును పట్టుకుని పతకాలు వెనక్కి లాక్కున్నారు. అతను 1953లో చనిపోయాడు. 1982లో కమిటీ మనసు మార్చుకుని, అతణ్ని సహవిజేతగా మాత్రమే ఒప్పుకుంది. రెండింటిలోనూ ఏకైక విజేతగా పేరెక్కింది 2022లో. అప్పటికే ఒలింపిక్స్‌లో కోటీశ్వరులైన వృత్తి ఆటగాళ్లు ఆడటం మొదలై చాలా ఏళ్లయింది.

ఆడవాళ్ల విషయంలో కుబర్టిన్ కూడా పాత గ్రీకుల పక్షమే. 1896లో ఒక్క మహిళా లేదు. 1900లో పారిస్‌లో 22 మంది ఆడారు. ఒక్కో క్రీడ తలుపు తీయడానికి దశాబ్దాలు పట్టింది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ 2000లో సిడ్నీలో గానీ రాలేదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి ఆ మొదటిసారే 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె.

సంధి మాటకొస్తే, కొత్త ఆటలకు అది చాలాకాలం లేనే లేదు. ప్రపంచ యుద్ధాల వల్ల 1916, 1940, 1944 ఆటలు రద్దయ్యాయి. ప్రాచీన కాలంలో యుద్ధం ఉన్నా ఆటలు జరిగాయి, ఆధునిక కాలంలో యుద్ధం వస్తే ఆటలే ఆగాయి. 1993 నుంచి ఐక్యరాజ్యసమితి ప్రతి ఒలింపిక్స్‌కూ ముందు సంధి తీర్మానం చేస్తోంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీదికి వెళ్లింది. బీజింగ్ శీతాకాల ఆటలు ముగిసి నాలుగు రోజులే అయింది, సంధి గడువు ఇంకా నడుస్తూనే ఉంది. 2024 పారిస్‌లో రష్యా జట్టుకు ప్రవేశం లేకుండా పోయింది. యుద్ధాన్ని సమర్థించని కొందరు ఆటగాళ్లను మాత్రం జెండా, జాతీయగీతం లేకుండా విడివిడిగా ఆడనిచ్చారు. మహిళల టెన్నిస్ డబుల్స్‌లో వాళ్లలో ఇద్దరు రజతం గెలిచారు. పతకాల పట్టికలో అది ఏ దేశం ఖాతాలోనూ పడలేదు.