గోప్యతా ఒప్పందం నాలుగు శీర్షికల్లో

మ్యూచువల్ ఎన్‌డీఏ అంటే రెండు పక్షాలూ ఒకరి రహస్యాలను మరొకరు కాపాడతామని రాసుకునే గోప్యతా ఒప్పందం. ఇందులో ప్రతి పక్షానికీ రెండు పాత్రలుంటాయి. సమాచారం ఇచ్చేటప్పుడు అది హక్కుదారు, పుచ్చుకునేటప్పుడు బాధ్యురాలు. స్టార్టప్ స్థాపకుడికి ఈ ఒప్పందం సారం కావాలంటే నాలుగు ప్రశ్నలకు జవాబు దొరకాలి: ఎంతకాలం, ఏ సమాచారం, ఎవరికి చెప్పవచ్చు, చివర్లో ఏం తిరిగివ్వాలి. జవాబు పక్కనే క్లాజు సంఖ్య రాయాలి. అనుమానం వచ్చినప్పుడు అసలు వాక్యాన్ని వెతుక్కోవడానికి అదే దారి.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పాల శీతలీకరణ కేంద్రాల్లో ఉష్ణోగ్రతను కనిపెట్టే సెన్సర్లు తయారుచేసే హైదరాబాద్ స్టార్టప్ ఒకటి, ఒక డెయిరీ కంపెనీతో బేరసారాలు మొదలుపెట్టింది. స్టార్టప్ తన సాఫ్ట్‌వేర్ పనితీరునూ ధరలనూ చూపిస్తుంది. డెయిరీ ఊరూరా పాల సేకరణ లెక్కలు ఇస్తుంది. ఒప్పందం మీద 2025 ఏప్రిల్ 1న సంతకాలయ్యాయి.

మొదటిది గడువు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు, ఎందుకంటే ఒప్పందంలో గడువులు రెండుంటాయి. ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకునే కాలం, రెండోది ఆ సమాచారాన్ని దాచి ఉంచాల్సిన కాలం. మన ఉదాహరణలో ఒప్పందం రెండేళ్లు, అంటే 2027 మార్చి 31 దాకా. గోప్యత మాత్రం ‘సమాచారం వెల్లడించిన తేదీ నుంచి మూడేళ్లు’ అని ఉంది. 2025 జూన్ 10న డెయిరీ ఇచ్చిన లెక్కలను 2028 జూన్ దాకా దాచాలి. 2027 మార్చి 20న ఇచ్చిన వాటిని 2030 మార్చి దాకా దాచాలి. అదే క్లాజులో ‘ఒప్పందం ముగిసిన తేదీ నుంచి మూడేళ్లు’ అని ఉంటే, ఎప్పుడు ఇచ్చిందైనా సరే 2030 మార్చి 31 దాకా దాచాల్సిందే. కాబట్టి సారంలో ‘గడువు రెండేళ్లు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే తప్పుదోవ పట్టించినట్టే. రెండు గడువులూ, రెండోది ఏ రోజు నుంచి లెక్కకు వస్తుందన్నదీ రాయాలి.

సోర్స్ కోడ్, తయారీ సూత్రం లాంటి వ్యాపార రహస్యాలకు మూడేళ్లు చాలవు. మూడేళ్లు దాటాక అవతలి పక్షానికి ఒప్పందం ప్రకారం నోరు మూసుకోవాల్సిన పనుండదు. భారతదేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. ప్రధాన ఆధారం ఒప్పందమే కనుక, ‘రహస్యంగా ఉన్నంత కాలం’ అనే మినహాయింపు వాటికి ఉందో లేదో సారంలో కనిపించాలి.

రెండోది ఏ సమాచారానికి రక్షణ అన్నది. కొన్ని ఒప్పందాల్లో ‘గోప్యం’ అని ముద్ర వేసిన పత్రాలకే రక్షణ ఉంటుంది. మరికొన్నింటిలో, సందర్భాన్ని బట్టి గోప్యమని ఎవరికైనా తోచే సమాచారమంతా దాని కిందికే వస్తుంది. నోటిమాటగా చెప్పినవాటి సంగతి విడిగా చూడాలి. మన ఉదాహరణలో, సమావేశంలో చెప్పిన విషయాన్ని 30 రోజుల్లోగా రాతపూర్వకంగా గోప్యమని తెలియజేయాలని ఉంది. స్టార్టప్ ప్రతినిధి డెమోలో ధరల లెక్క వివరించి, తర్వాత మెయిల్ పంపడం మరిచిపోతే ఆ లెక్కకు ఒప్పందం రక్షణ దక్కదు. ‘డెమో అయిన వెంటనే మెయిల్ పంపాలి’ అన్న పని సారంలో చేరాల్సింది ఇందుకే.

ఈ శీర్షిక కిందే మినహాయింపులూ వస్తాయి. అప్పటికే జనానికి తెలిసినది, పుచ్చుకున్న పక్షానికి ముందే తెలిసినది, ఆంక్షలేమీ లేకుండా మూడో వ్యక్తి నుంచి వచ్చినది, అవతలి సమాచారం వాడకుండా సొంతంగా తయారుచేసుకున్నది సాధారణంగా గోప్యం కాదు. సొంతంగా తయారుచేశామని నిరూపించే భారం ఎవరిదో ఒప్పందం చెబితే అదీ రాసుకోవాలి. తేదీలున్న రికార్డులు లేని చిన్న కంపెనీకి ఆ నిరూపణ కష్టం. ‘ఉద్యోగుల జ్ఞాపకంలో మిగిలిన విషయాలను వాడుకోవచ్చు’ అనే వాక్యం ఎక్కడైనా ఉంటే దాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపాలి. పెద్ద కంపెనీ ఇంజనీర్లు డెమో చూసి గుర్తుపెట్టుకున్నది వాళ్లకు చెల్లిపోయేలా చేసే వాక్యమది.

మూడోది అనుమతించిన వెల్లడి. దీన్ని మినహాయింపులతో కలిపేయకూడదు. మినహాయింపులో ఉన్నది అసలు రహస్యమే కాదు. అనుమతించిన వెల్లడిలో సమాచారం రహస్యంగానే ఉంటుంది, ఫలానా వారికి మాత్రం చూపవచ్చు. పనికి అవసరమైన ఉద్యోగులు, లాయర్లు, ఆడిటర్లు సాధారణంగా ఈ జాబితాలో ఉంటారు. వాళ్లూ గోప్యతకు కట్టుబడి ఉండాలి, వాళ్ల తప్పుకు చూపించిన పక్షమే బాధ్యత వహించాలి.

స్థాపకుడు ముందుగా వెతకాల్సిన పేరు పెట్టుబడిదారులది. మన ఒప్పందంలో ఉద్యోగులూ వృత్తి సలహాదారులూ ఉన్నారు, పెట్టుబడిదారులు లేరు. స్థాపకుడు నిధుల కోసం వెళ్లి, డెయిరీ సేకరణ లెక్కలున్న స్లైడ్ చూపిస్తే ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టే. కొన్ని ఒప్పందాల్లో బేరసారాలు నడుస్తున్నాయన్న విషయం కూడా గోప్యమే. అలాంటప్పుడు డెయిరీ పేరు చెప్పడమూ కుదరదు. కోర్టు గానీ ప్రభుత్వ అధికారి గానీ సమాచారం అడిగితే ఇవ్వవచ్చు. చట్టం అడ్డు చెప్పనంతవరకు ముందుగా అవతలి పక్షానికి నోటీసు ఇవ్వాలి, అడిగినంత మేరకే బయటపెట్టాలి.

నాలుగోది తిరిగి ఇచ్చే బాధ్యత. దీన్ని మొదలుపెట్టేది ఏమిటో ముందు చూడాలి. ఒప్పందం ముగిస్తే చాలా, అవతలివారు రాతపూర్వకంగా అడగాలా? మన ఉదాహరణలో అడిగిన 15 రోజుల్లోగా తిరిగివ్వాలి లేదా నాశనం చేయాలి, ఆ పని పూర్తయిందని ధ్రువీకరణ పంపాలి. కాపీలతో పాటు ఆ సమాచారం ఆధారంగా రాసుకున్న నోట్సు, విశ్లేషణలూ ఇందులోకి వస్తాయి. ఫైళ్లు ఆఫీసు డ్రైవ్‌లోనే ఉండవు. వాట్సాప్ గ్రూపుల్లో, మానేసిన ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో కూడా ఉంటాయి. ఎవరికి ఏ ఫైలు వెళ్లిందో మొదటి రోజు నుంచీ జాబితా లేకపోతే ఆ ధ్రువీకరణ మీద సంతకం పెట్టడం ప్రమాదం. ఆటోమేటిక్ బ్యాకప్‌లకూ, చట్టప్రకారం ఉంచాల్సిన రికార్డులకూ మినహాయింపు ఉంటే రాసుకోవాలి. అలా మిగిలిన కాపీల మీద గోప్యత కొనసాగుతుంది. తిరిగిచ్చేసినంత మాత్రాన దాచాల్సిన బాధ్యతా తీరదు.

మన ఉదాహరణకు పూర్తయిన సారం ఇలా ఉంటుంది.

గడువు: ఇచ్చిపుచ్చుకోవడం 2027 మార్చి 31 దాకా, గోప్యత ప్రతి వెల్లడి తేదీ నుంచి మూడేళ్లు. సోర్స్ కోడ్‌కు విడిగా రక్షణ లేదు, సంతకానికి ముందే అడగాల్సింది.

సమాచారం: గోప్యమని గుర్తించిన పత్రాలు, 30 రోజుల్లో రాతలో పెట్టిన నోటిమాటలు. నాలుగు మామూలు మినహాయింపులు.

వెల్లడి: ఉద్యోగులు, వృత్తి సలహాదారులు. పెట్టుబడిదారులకు ముందస్తు రాతపూర్వక అనుమతి కావాలి. కోర్టు అడిగితే ముందు నోటీసు.

తిరిగివ్వడం: రాతపూర్వకంగా అడిగిన 15 రోజుల్లో, ధ్రువీకరణతో. బ్యాకప్‌లకు మినహాయింపు.

ఒప్పందం పేరులో మ్యూచువల్ అని ఉన్నా, ఏదో ఒక శీర్షిక కింద బాధ్యత ఒకవైపే పడవచ్చు. ప్రతి గీతనూ ‘మనం’, ‘వాళ్లు’ అని రెండుసార్లు చదివితే ఆ తేడా బయటపడుతుంది. సారానికీ అసలుకూ పొంతన కుదరని చోట చెల్లేది సంతకం చేసిన పత్రంలోని వాక్యమే. అందుకే ఇది లాయర్‌ను అడగాల్సిన ప్రశ్నలను తేల్చుకునే కాగితమే తప్ప, లాయర్ సలహాకు బదులు కాదు.