వెండి పొలుసుల మచ్చ: సోరియాసిసా, తామరా?

మోచేతులు, మోకాళ్ల మీద దళసరి మచ్చలు, వాటిపై వెండిరంగు పొలుసులు. ఫోటోలో ఇవి కనిపిస్తే ముందు సోరియాసిస్‌నే అనుమానిస్తారు. ఈ జబ్బులో చర్మకణాలు నెల రోజుల్లో ఎదగాల్సింది కొద్ది రోజుల్లోనే ఎదిగి, పొరలు పొరలుగా పేరుకుంటాయి. ఇది అంటువ్యాధి కాదు. మచ్చలు తరచూ శరీరానికి రెండు వైపులా వస్తాయి. తలలో పొలుసులు, గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు చిన్న గుంటలు, కీళ్ల నొప్పులు ఉంటే అనుమానం బలపడుతుంది.

తామర ఫంగస్ వల్ల వస్తుంది, అంటుకుంటుంది. గజ్జల్లో, నడుము చుట్టూ ఎక్కువ. అంచు ఉబ్బి పొలుసులు రాలుతుంటే, మధ్యభాగం కాస్త మామూలుగా కనబడుతుంది. దురద బాగా ఉంటుంది. ఇంట్లో మరొకరికీ ఉండొచ్చు.

అయితే మందులు ఈ ఆనవాళ్లను చెరిపేస్తాయి. ఉదాహరణకు, ఒకరికి నడుము వెనక దురదతో మచ్చ వచ్చింది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాశారు. అందులో స్టెరాయిడ్ ఉంది. దురద తగ్గింది, ఆపగానే మచ్చ ఇంకా పెద్దదై తిరిగొచ్చింది. ఈసారి గుండ్రటి అంచు చెదిరిపోయి, ఫోటోలో సోరియాసిస్‌లా ఉంది. స్టెరాయిడ్ పైకి ఎరుపును, దురదను అణిచింది. లోపల ఫంగస్‌కు అడ్డులేకుండా చేసింది.

చర్మవైద్యురాలు తల, మోచేతులు, గోళ్లు చూశారు. ఎక్కడా ఏమీ లేదు. మచ్చ అంచు నుంచి బ్లేడుతో కొన్ని పొలుసులు గీకి, స్లైడు మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేశారు. అది చర్మకణాలను కరిగిస్తుంది, ఫంగస్‌ను కరిగించదు. కాసేపటికి మైక్రోస్కోపులో కొమ్మలు వేసిన సన్నని పోగులు కనబడ్డాయి. అది తామరే.

పోగులు కనబడకపోతే తామర కాదని తేల్చలేం. అంతకుముందు ఫంగస్ మందు రాసినా, పొలుసులు సరైన చోట గీకకపోయినా అవి దొరక్కపోవచ్చు. అప్పుడు పరీక్ష మళ్లీ చేస్తారు, లేదా కల్చర్‌కు పంపుతారు. దాని ఫలితానికి వారాలు పడుతుంది. సోరియాసిస్‌ను చాలాసార్లు చర్మం చూసే గుర్తిస్తారు, దాన్ని రుజువు చేసే రక్తపరీక్ష లేదు. అనుమానం మిగిలితే మత్తిచ్చి, కొన్ని మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి బయాప్సీ చేస్తారు. పైపొర దళసరెక్కడం, పొలుసుల్లో కేంద్రకాలు మిగిలిపోవడం సోరియాసిస్‌ను సూచిస్తాయి. ప్రత్యేక రంగు వేస్తే ఫంగస్ ఉన్నదీ లేనిదీ ఆ ముక్కలోనే చూడొచ్చు.

ఈ తేడా తేలడం ఎందుకంటే, సోరియాసిస్‌కు డాక్టర్లు రాసే స్టెరాయిడ్ పూతే తామరను పెంచుతుంది. అందుకే పరీక్షకు వెళ్లేముందు కొత్త క్రీము ఏదీ రాయకండి. వాడిన ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లండి.