ఒకే వరస, మూడు రకాల కష్టం

బ్యాంకు పరీక్షలకు చదివినవాళ్లకు రీజనింగ్ అనగానే ముందు గుర్తొచ్చేది సీటింగ్ అరేంజ్‌మెంట్. కొంతమంది వరసగా కూర్చుంటారు, ఎవరు ఎవరి పక్కన ఉన్నారో నాలుగైదు క్లూలు ఇస్తారు, వరస తేల్చి బిట్లకు జవాబులు గుర్తించాలి. నంద్యాల నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా కోచింగ్ సెంటర్లలో వీటిని విప్పడం రోజూ నేర్పుతారు. వీటిని తయారుచేసే పని మాత్రం బయటికి కనిపించదు. ఉద్యోగాల వడపోత పరీక్షకు సులువు, మధ్యస్థం, కఠినం అని మూడు మెట్లలో పజిళ్లు కావాలంటే తయారీదారు ఎక్కడ మొదలుపెడతాడు?

చివరి నుంచి. ముందు జవాబు రాసుకుని, దానికి సరిపడే క్లూలు అల్లుతాడు. ఐదుగురు ఉత్తరం వైపు తిరిగి ఒకే వరసలో కూర్చున్నారు. ఎడమ నుంచి కుడికి రమ, లత, గిరి, వాసు, సీత. ఈ ఒక్క వరసతోనే మూడు మెట్లూ కట్టవచ్చు.

సులువు మెట్టుకు క్లూలు ఇలా ఉంటాయి. గిరి సరిగ్గా మధ్యలో ఉన్నాడు. రమ ఎడమ చివర ఉంది. లత రమ పక్కనే ఉంది. వాసు ఏ చివరా లేడు. ఐదుగురిని ఐదు కుర్చీల్లో 120 రకాలుగా కూర్చోబెట్టవచ్చు. మొదటి క్లూతో అవి 24కు, రెండోదానితో 6కు, మూడోదానితో 2కు తగ్గి, నాలుగోదానితో ఒక్కటే మిగులుతుంది. చదువుతూనే పేర్లు కుర్చీల్లో రాసుకుంటూ పోవచ్చు.

మధ్యస్థం మెట్టులో వరస అదే, క్లూలు మారతాయి. లత గిరికి ఎడమ పక్కనే ఉంది. వాసు సీతకు ఎడమ పక్కనే ఉన్నాడు. రమకూ గిరికీ మధ్య ఒక్కరే ఉన్నారు. గిరి ఏ చివరా లేడు. లెక్క వేసి చూస్తే ఇక్కడా మిగిలేవి వరసగా 24, 6, 2, 1. సులువు పజిల్‌లో ఉన్న అంకెలే. అయినా ఇది ఎక్కువ టైము తింటుంది. ఏ క్లూ కూడా ఎవరికీ ఫలానా కుర్చీ అని చెప్పదు. లత–గిరి ఒక జంట, వాసు–సీత ఒక జంట అని మనసులో పట్టుకుని వాటిని అటూ ఇటూ జరిపి చూసుకోవాలి. కష్టం ఎన్ని వరసలు కొట్టేయాలన్న దానిలో లేదు, ఒకేసారి ఎన్ని గుర్తుంచుకోవాలన్న దానిలో ఉంది.

ఇక కఠినం. రమకూ గిరికీ మధ్య ఒక్కరే ఉన్నారు. వాసు, సీత పక్కపక్కన ఉన్నారు. గిరి, వాసు పక్కపక్కన ఉన్నారు. రమ సీతకు ఎడమవైపు ఎక్కడో ఉంది. లత పేరే లేదు. చివరి క్లూ వచ్చేదాకా ఎడమ, కుడి అన్న మాట కూడా లేదు. మొదటి క్లూ పట్టుకుని బొమ్మలు గీయడం మొదలుపెడితే 36 వరసలు ఎదురవుతాయి. రెండు, మూడు క్లూలను కలిపి చదివినవాడికి వాసు గిరికీ సీతకూ మధ్యలో ఉన్నాడని వెంటనే తెలిసిపోతుంది, మిగిలేవి 12. అప్పుడు మొదటి క్లూ వాటిని రెండుకు దించుతుంది, నాలుగోది ఒకటి చేస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో కనిపెట్టడమే ఇక్కడి పరీక్ష.

తయారీదారుకు జవాబు ముందే తెలుసు. అదే అతనికి పెద్ద ప్రమాదం. మధ్యస్థం పజిల్‌లో చివరి క్లూ మరిచిపోయాడనుకుందాం. అతని కళ్లకు తాను అనుకున్న వరసే కనిపిస్తుంది కానీ, వాసు, సీత, రమ, లత, గిరి అన్న వరస కూడా ఆ మూడు క్లూలకూ సరిపోతుంది. ‘మధ్యలో ఎవరు?’ అని అడిగితే గిరి అన్నవాళ్లూ రమ అన్నవాళ్లూ ఇద్దరూ రైటే. ఒక్క ‘పక్కనే’ జారిపోయినా అంతే. నాలుగు క్లూలూ ఉన్నా, వాసు సీతకు ‘ఎడమవైపు’ ఉన్నాడని మాత్రమే రాస్తే ఒక వరస నాలుగు వరసలవుతుంది. అందుకే జవాబు చూడని మరో మనిషి చేత పజిల్ విప్పిస్తారు. ‘జవాబు వచ్చిందా?’ అని కాదు, ‘ఇంకో వరస కుదురుతుందా?’ అని అడుగుతారు. చిన్న పజిళ్లకైతే 120 వరసలనూ ప్రోగ్రాములో పోసి ఎన్ని నిలుస్తాయో చూడటం సులభం.

తర్వాత ఏం అడగాలన్నది. కఠినం పజిల్‌లో చివరి క్లూను పట్టించుకోనివాడికి వరస తిరగబడి సీత, వాసు, గిరి, లత, రమ అని కూడా రావచ్చు. ‘మధ్యలో ఎవరు?’ అని అడిగితే వాడికీ మార్కు పడిపోతుంది, ఎందుకంటే రెండు వరసల్లోనూ మధ్యలో గిరే. ‘కుడి చివర ఎవరు?’ అని అడిగితే తేడా తెలుస్తుంది. సరైన జవాబు సీత, తిరగబడిన వరసలో రమ. కాబట్టి ఆప్షన్లలో రమ ఉండి తీరాలి. తప్పు ఆప్షన్ ప్రతిదీ ఎవరో ఒకరు నిజంగా చేసే పొరపాటు నుంచి పుట్టాలి. నోటికొచ్చిన పేర్లు పెడితే సగం చేసినవాడు కూడా వాటిని కొట్టేసి రైటు కొడతాడు.

ఇంత చేసినా ‘కఠినం’ అన్నది ఇంకా తయారీదారు అంచనాయే. తేల్చేది ట్రయల్. ఉదాహరణకు 200 మంది చేత పేపర్ రాయించారనుకోండి. ఒక బిట్‌ను ఎంతమంది సరిగ్గా చేశారన్నది మొదటి లెక్క. 150 మంది చేస్తే 0.75, అది సులువు. 80 మంది చేస్తే 0.40, అది గట్టిది. ఐదు ఆప్షన్ల బిట్‌కు 0.20 వస్తే మాత్రం కఠినమని సంబరపడకూడదు. కళ్లు మూసుకుని గుర్తించినా అంతే వస్తుంది.

రెండో లెక్క అసలైనది. మొత్తం మార్కుల్లో పైనున్న 27 శాతం మందినీ, కిందనున్న 27 శాతం మందినీ విడదీస్తారు. ఈ వాటాను 1939లో ట్రూమన్ కెల్లీ లెక్కగట్టి చూపాడు. 200 మందిలో అటు 54 మంది, ఇటు 54 మంది. ఒక బిట్‌ను పైవాళ్లలో 45 మంది, కిందివాళ్లలో 15 మంది చేశారనుకుంటే తేడా 30, దాన్ని 54తో భాగిస్తే సుమారు 0.56. ఆ బిట్ మనుషులను బాగా వేరు చేస్తోంది. 0.20 కంటే తక్కువైతే తిరగరాయాలి. పైవాళ్లకంటే కిందివాళ్లే ఎక్కువమంది చేశారంటే ముందు కీ చూసుకోవాలి. కీ తప్పో, రెండో జవాబో దొరికే అవకాశం ఎక్కువ. చిన్న కంపెనీలో 30 మందితోనే ట్రయల్ చేస్తే ఈ లెక్కను అంతగా నమ్మలేం. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది మందే ఉంటారు, ఒక్కరు అటూ ఇటూ అయినా అంకె ఒక్కసారిగా మారిపోతుంది.

నిలిచిన బిట్లు నిల్వలోకి వెళతాయి, ఒక్కోదానికి దాని రెండు అంకెలూ జతగా. పరీక్ష పెట్టిన ప్రతిసారీ ఆ అంకెలు మళ్లీ లెక్కిస్తారు. రాసి వచ్చినవాళ్లు గుర్తున్న ప్రశ్నలు కోచింగ్ సెంటర్లలో చెప్పేస్తారు గనక, పోయినసారి 0.40 ఉన్న బిట్ ఈసారి 0.65కు ఎక్కితే అది బయటికి పొక్కిందేమోనని అనుమానించాలి. రమ, గిరి పేర్లు తీసి వేరే పేర్లు పెడితే సరిపోదు, క్లూలు ఎలా అల్లుకున్నాయో తెలిసిపోయాక పేర్లతో పనిలేదు. ఆ బిట్‌ను పక్కన పెట్టి, కొత్త వరసతో మళ్లీ మొదలుపెడతారు.