గేదె ఊపిరి లెక్కపెట్టండి

మే నెలలో పాలకేంద్రానికి వెళ్లే క్యాను తేలికైందంటే రైతు ముందుగా దాణాను అనుమానిస్తాడు, లేకపోతే పితికే మనిషిని అనుమానిస్తాడు. నిజానికి ఆ రోజు తగ్గిన పాలకు కారణం చాలాసార్లు రెండు రోజుల కిందటి ఎండే. గేదె ముందు మేత తగ్గిస్తుంది, తర్వాత పాలు తగ్గిస్తుంది. కాబట్టి ఎండదెబ్బను పాలగిన్నెలో వెతకకూడదు, డొక్కలో చూడాలి.

మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య పశువు పక్కన నిలబడి డొక్క ఎన్నిసార్లు పైకి లేస్తుందో ఒక నిమిషం లెక్కపెట్టండి. చల్లని పూట ఆ లెక్క ఇరవై, ముప్పై లోపు ఉంటుంది. నలభై దాటితే పశువు వేడితో పోరాడుతోందని అర్థం. అరవై దాటితే ఏదో ఒకటి వెంటనే చేయాలి. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తూ రొప్పుతుంటే అది ప్రమాదం. మరో గుర్తు కూడా ఉంది. పగలంతా పడుకోకుండా నిలబడే ఉండి, నెమరు మానేసి, నీళ్లతొట్టి దగ్గర నుంచి కదలకపోతే వేడి దాన్ని గట్టిగా పట్టుకున్నట్టే.

ఆవుకన్నా గేదె ఎండకు త్వరగా లొంగుతుంది. దాని చర్మం నలుపు, పైన వెంట్రుకలు పలచన, చెమట గ్రంథులు ఆవుకున్నంత దట్టంగా ఉండవు. మనిషికి చెమట చేసే పనిని గేదెకు చెరువు చేసిపెట్టేది. చెరువు ఎండిపోయి, ముర్రా గేదె రేకుల పాకలో గుంజకు కట్టేసి ఉన్నప్పుడు ఆ పని మనం చేయాలి.

గేదెకు వేడి రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి పైనున్న ఎండ, రెండోది దాని కడుపు. తిన్న మేత పెద్ద పొట్టలో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. పాలు ఎక్కువిచ్చే పశువు ఎక్కువ తింటుంది కాబట్టి దాని లోపలి వేడీ ఎక్కువే. అందుకే ఊళ్లో ముందుగా రొప్పేది వట్టిపోయిన గేదె కాదు, ఎనిమిది, పది లీటర్లిచ్చే గేదె.

అలా ఎనిమిది లీటర్లిచ్చే గేదె ఒకటి కృష్ణా జిల్లాలో ఓ రేకుల పాకలో ఉందనుకుందాం. మధ్యాహ్నం ఊపిరి లెక్క 64 వచ్చింది. ఏం చేయాలి?

మొదట చూడాల్సింది పైకప్పు. రేకు నీడనిస్తుంది కానీ, తాను కాగి ఆ సెగను కిందికి దించుతుంది. రేకుల మీద తాటాకో కొబ్బరి మట్టలో వరిగడ్డో దళసరిగా పరచాలి. ఉదయం పదింటి నుంచి దాన్ని తడుపుతూ ఉండాలి. గడ్డి పరచిన చోట విడి కరెంటు తీగలు లేకుండా చూసుకోవాలి, వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు. పడమటి వైపు తడిపిన గోనెపట్టాలు కట్టవచ్చు. మిగతా వైపులు మాత్రం తెరిచే ఉంచాలి. వడగాలికి భయపడి నాలుగు పక్కలా మూసేస్తే గేదె ఊపిరిలోని తేమ, మూత్రపు ఘాటు లోపలే నిలిచిపోతాయి. పక్కన చింతో వేపో కానుగో ఉంటే మధ్యాహ్నం పశువును దాని కిందికి మార్చడం అన్నిటికన్నా మేలు.

తర్వాత నీళ్లు. వేసవిలో పాడిగేదెకు తాగడానికే రోజుకు 80 లీటర్లకు పైగా కావాలి. ఉదయం ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ కుడితి పెడితే సరిపోదు. తొట్టి నీడలో, పశువు మెడకు అందే దూరంలో, రాత్రి కూడా నిండుగా ఉండాలి. ఎండలో నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేయి పెట్టలేనంత కాగి ఉంటాయి. వాటిని గేదె మూతి ముంచి వదిలేస్తుంది. రైతేమో నీళ్లు పెట్టాననే అనుకుంటాడు.

ఇక ఒళ్లు చల్లబరచడం. ఇక్కడే ఎక్కువగా పొరపాటు జరుగుతుంది. చల్లదనాన్నిచ్చేది నీళ్లు పోయడం కాదు, పోసిన నీళ్లు ఆరడం. ఆరుతున్న నీరే ఒంటి వేడిని పట్టుకుపోతుంది. కాబట్టి చర్మం దాకా తడిసేలా రెండు, మూడు నిమిషాలు నీళ్లు కొట్టి ఆపాలి. తర్వాత పది, పదిహేను నిమిషాలు ఫ్యాను గాలి తగలాలి. మళ్లీ తడపాలి. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇలా విడతలుగా చేస్తే, మన గేదె ఊపిరి 64 నుంచి దిగుతుందో లేదో అదే రోజు లెక్కపెట్టి చూడవచ్చు. దిగకపోతే నీరు చర్మం దాకా చేరడం లేదు, లేదా గాలి ఆడడం లేదు.

ఒళ్లు తడపకుండా ఫ్యాను ఒక్కటే పెడితే నలభై డిగ్రీలు దాటిన రోజున అది వేడిగాలినే విసురుతుంది. మంచులా చిమ్మే ఫాగర్లు అనంతపురం లాంటి పొడి చోట్ల బాగా పనిచేస్తాయి. తీరప్రాంతపు ఉక్కపోతలో అవే పాకను మరింత ఉక్కగా మారుస్తాయి. అక్కడ పెద్ద చినుకులతో తడపడం, ధారాళంగా గాలి తగలనివ్వడం మేలు. చెరువు ఉన్నవాళ్లు మధ్యాహ్నం దింపవచ్చు. పాలు పితికిన అరగంట దాకా మాత్రం వద్దు. అప్పటికింకా చనురంధ్రాలు తెరిచే ఉంటాయి, బురదనీళ్లు తగిలితే పొదుగువాపు వస్తుంది.

చివరిది మేత. ఎంత పెట్టాలన్నదానికన్నా ఎప్పుడు పెట్టాలన్నది ముఖ్యం. తిన్న కొన్ని గంటలకు కడుపులో వేడి పెరుగుతుంది. తొమ్మిదింటికి వరిగడ్డి వేస్తే ఆ వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నపు ఎండతో కలుస్తుంది. అందుకని మన గేదెకు రోజు మేతలో మూడింట రెండు వంతులు సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము లోపే అందాలి. దాణా ఐదున్నర కిలోలైతే తెల్లవారుజామున సగం, సాయంత్రం సగం. పచ్చిమేత తెల్లవారి, పొద్దుగూకాక వేయాలి. వరిగడ్డి రాత్రి ఎనిమిది తర్వాత. పగలు కొద్దిగా పచ్చిగడ్డి చాలు.

వేడని ఎండుమేత పూర్తిగా మానేసి దాణా పెంచితే మరో చిక్కు వస్తుంది. రొప్పే పశువుకు చొంగ వృథాగా కారిపోతుంది. కడుపులోని పులుపును అదుపులో ఉంచేది ఆ చొంగే. పులుపు పెరిగితే నెమరు తగ్గుతుంది, పేడ పలచబడుతుంది, వెన్నశాతం పడిపోతుంది. దాణాలో రోజుకు 50 గ్రాముల వంటసోడా, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, గుప్పెడు ఉప్పు కలపడం ఇందుకే. చూడి పశువు విషయంలో మోతాదు డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

ఇవన్నీ చేసినా పశువు నోరు తెరిచి రొప్పుతూ తూలిపోతుంటే నీడకు చేర్చి, తల నుంచి కాళ్ల దాకా చల్లని నీళ్లు ఆపకుండా పోస్తూ 1962కు ఫోను చేయండి. గొట్టంతో బలవంతంగా నీళ్లు తాగించకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పాలు వానలు పడ్డాక చాలావరకు కోలుకుంటాయి. ఎద మాత్రం అంత తేలిగ్గా చేతికి దొరకదు. వేసవిలో గేదెకు వచ్చేది ఎక్కువగా మూగ ఎద. అరుపు ఉండదు, తీగలూ సరిగ్గా కనిపించవు, కనిపించినా రాత్రివేళో తెల్లవారుజామునో. రాత్రి మేత వేసేటప్పుడు, తెల్లవారి పాలు పితికే ముందు పడుకున్న చోటు, తోక వెనక చూడటం అలవాటు చేసుకోవాలి. ఒక ఎద తప్పితే మరో మూడు వారాలు మేపాలి. రెండు, మూడు తప్పితే వచ్చే ఏడాది ఈత వెనక్కి పోతుంది. పాకను చల్లగా ఉంచిన రైతుకు మిగిలేది ఈ నెల పాలు మాత్రమే కాదు, వచ్చే ఏడాది పాడి కూడా.