కాల్ నడుస్తుండగానే బ్యాలెన్స్ ఎందుకు తగ్గుతుంది?

జగిత్యాలలో ఉన్న ఒకామె దుబాయ్‌లో పనిచేస్తున్న భర్తకు ఫోన్ చేసిందనుకుందాం. యూఏఈలో వాట్సాప్ వాయిస్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి కాబట్టి మామూలు ఐఎస్‌డీ కాలే చేసింది. ఆమె ప్రీపెయిడ్ ఖాతాలో 50 రూపాయలున్నాయి. లెక్క సులువుగా ఉండేందుకు నిమిషానికి 12 రూపాయలు అనుకుందాం. ఆ లెక్కన నాలుగు నిమిషాలు మాట్లాడొచ్చు. కానీ సరిగ్గా మూడు నిమిషాలకే కాల్ కట్ అయింది. చూస్తే ఖాతాలో ఇంకా 9 రూపాయలున్నాయి. డబ్బుండగా కాల్ ఎందుకు ఆగింది? దీనికి జవాబు తెలియాలంటే ఆ మూడు నిమిషాల్లో తెర వెనక ఏం జరిగిందో చూడాలి.

పోస్ట్‌పెయిడ్‌లో లెక్క కాల్ అయిపోయాకే మొదలవుతుంది. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడారో ఎక్స్ఛేంజీ ఒక రికార్డు రాసి పెడుతుంది. అలాంటి రికార్డులన్నీ కలిపి నెలాఖరుకు బిల్లు వేస్తారు. మధ్యలో కంపెనీ ఇచ్చేది అప్పు. ప్రీపెయిడ్‌లో ఆ అప్పుకు చోటు లేదు. లెక్క చివర్లో చేస్తే, 10 రూపాయలున్న మనిషి గంటసేపు విదేశానికి మాట్లాడి సిమ్ పారేయొచ్చు. అవతలి దేశపు నెట్‌వర్క్‌కు మాత్రం మన కంపెనీ ఆ గంటకూ డబ్బు కట్టాల్సిందే. అందుకే కాల్ సాగుతున్నంతసేపూ ఖాతాలో డబ్బుందా లేదా అన్నది ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఆ పని చేసే యంత్రమే ఆన్‌లైన్ ఛార్జింగ్ సర్వర్.

ముక్కలు ముక్కలుగా అనుమతి

ఆమె నంబరు నొక్కగానే, అవతల ఫోన్ మోగకముందే, కాల్‌ను నడిపించే స్విచ్ ఛార్జింగ్ సర్వర్‌ను అడుగుతుంది: ఈ చందాదారు దుబాయ్‌కి మాట్లాడొచ్చా? సర్వర్ టారిఫ్ చూసి, 60 సెకన్లకు అనుమతిచ్చి, అందుకు సరిపడా 12 రూపాయలను పక్కన పెడుతుంది. ఇది ఖర్చు కాదు, కేవలం రిజర్వు. అప్పటికి ఆమె ఖాతాలో రెండు భాగాలున్నాయి: పక్కన పెట్టిన 12, స్వేచ్ఛగా వాడుకోదగ్గ 38. భర్త ఫోన్ ఎత్తకపోతే ఆ 12 మళ్లీ ఖాతాలో కలిసిపోతుంది.

అతను ఫోన్ ఎత్తాక మొదటి నిమిషం పూర్తి కావస్తుండగా స్విచ్ మళ్లీ సర్వర్ దగ్గరికి వెళుతుంది. ఇచ్చిన 60 సెకన్లూ వాడాం, ఇంకో ముక్క కావాలంటుంది. అప్పుడు మొదటి 12 రూపాయలు నిజంగా ఖర్చు రాస్తారు, ఇంకో 12 పక్కన పెడతారు. కాల్ మధ్యలోనే బ్యాలెన్స్ తగ్గడమంటే ఇదే. ఈ సంభాషణకు డయామీటర్ అనే ప్రోటోకాల్ వాడతారు. తొలి అడుగు, మధ్యలో వచ్చే అడుగులు, ముగింపు అనే ఈ క్రమాన్ని 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4006 అనే ప్రమాణం నిర్దేశించింది.

ఇప్పుడు మూడో నిమిషానికి వద్దాం. అప్పటికి 24 రూపాయలు ఖర్చయ్యాయి, 12 రిజర్వులో ఉన్నాయి, 14 మిగిలాయి. భర్త బ్యాంకు ఖాతా నంబరు అడిగాడు. ఆమె స్పీకర్ పెట్టి, కాల్ నడుస్తుండగానే ఎస్ఎమ్ఎస్ పంపింది. విదేశానికి ఎస్ఎమ్ఎస్ 5 రూపాయలనుకుంటే, మిగిలింది 9. మూడో నిమిషం చివర్లో స్విచ్ ఇంకో 60 సెకన్లు అడిగింది. 12 కావాలి, ఉన్నది 9. ఇదే చివరి ముక్క అని సర్వర్ చెప్పింది, స్విచ్ కాల్ కట్ చేసింది.

ఇదే ఖాతాకు నిమిషం పల్స్ బదులు సెకను పల్స్ ఉంటే సెకనుకు 20 పైసల చొప్పున ఆ 9 రూపాయలకు ఇంకో 45 సెకన్లు దొరికేవి. భారత్‌లో 2009లో టాటా డొకొమో సెకనుకు పైసా అంటూ వచ్చినప్పుడు మిగతా కంపెనీలూ ఆ బాట పట్టక తప్పలేదు. ముక్క ఎంత ఉన్నా, పల్స్ ఎంత అన్నదే చివరి రూపాయి ఎటు పోతుందో తేలుస్తుంది. రెండు నిమిషాల పది సెకన్లకు ఫోన్ పెట్టేస్తే, సెకను పల్స్‌లో మూడో ముక్క నుంచి 2 రూపాయలే పోయి 10 తిరిగొస్తాయి. నిమిషం పల్స్‌లో మొత్తం 12 పోతాయి.

మొత్తం ఒకేసారి ఎందుకు పక్కన పెట్టరు?

ఉన్న 50 రూపాయలనూ మొదట్లోనే కాల్‌కు కేటాయిస్తే మధ్యలో ఆగే గొడవ ఉండదు కదా అనిపించవచ్చు. అలా చేస్తే ఆ ఎస్ఎమ్ఎస్ వెళ్లేది కాదు. నేపథ్యంలో నడిచే డేటా కూడా ఆగిపోయేది. ఖాతా ఒక్కటే, దాని కోసం వచ్చే సేవలు అనేకం. మరోవైపు ముక్కను ఐదు సెకన్లకు కుదిస్తే లెక్క మరింత కచ్చితంగా ఉంటుంది గానీ, కోట్ల కాల్స్ మీద సర్వర్‌కు వచ్చే ప్రశ్నలు పన్నెండు రెట్లవుతాయి. ముక్క సైజు అంటే ఈ రెండింటి మధ్య కంపెనీ కుదుర్చుకునే రాజీ. డేటాలోనూ ఇదే పద్ధతి. అక్కడ సెకన్లకు బదులు మెగాబైట్లు. రోజువారీ డేటా ఎంత మిగిలిందని యాప్‌లో చూస్తే కాస్త వెనకబడిన అంకె కనిపించడానికి ఇదొక కారణం. ముక్క పూర్తయి లెక్క చేరేదాకా సర్వర్‌కు కూడా తెలియదు.

అన్‌లిమిటెడ్ ప్యాక్‌లు వచ్చాక కూడా ఈ ప్రశ్నోత్తరాలు ఆగలేదు. దేశంలోని కాల్‌కు ధర సున్నా అని సర్వర్ చెబుతుంది, అంతే. ప్యాక్ గడువు ఉందా, ఈ కాల్ ప్యాక్ పరిధిలోకి వస్తుందా అన్నవి ప్రతిసారీ చూడాల్సిందే.

తేడా వచ్చేది ఎక్కడ?

కాల్ మధ్యలో స్విచ్ కుప్పకూలితే, ముగిసిందన్న సమాచారం సర్వర్‌కు చేరదు. రిజర్వు చేసిన సొమ్ము అలాగే ఉండిపోతుంది. అందుకే ప్రతి అనుమతికీ ఒక గడువు పెడతారు. అది దాటినా కబురు రాకపోతే సర్వర్ ఆ సెషన్‌ను తనే మూసి, డబ్బును విడుదల చేస్తుంది. అంతదాకా చందాదారుకు బ్యాలెన్స్ తక్కువగా కనిపించవచ్చు. కాసేపటికి దానంతటదే సర్దుకుంటే అది కోత కాదు, రిజర్వు.

సర్వరే జవాబివ్వకపోతే ఏం చేయాలన్నది ముందే నిర్ణయించి ఉంచుతారు. కాల్‌ను ఆపడమో, లెక్క లేకుండా సాగనివ్వడమో, వేరే సర్వర్‌ను అడిగి చూడడమో. జవాబు ఆలస్యమై స్విచ్ అదే ప్రశ్న మళ్లీ పంపితే రెండుసార్లు డబ్బు కోయకూడదు. అందుకే ప్రతి సెషన్‌కూ ఒక గుర్తు, అందులోని ప్రతి ప్రశ్నకూ ఒక వరుస సంఖ్య ఉంటాయి. సర్వర్ వాటిని సరిగా పోల్చకపోతే ఒకే నిమిషానికి రెండుసార్లు కోత పడుతుంది.

అలాంటి కోత పడిందో లేదో తేల్చుకోవడానికి చందాదారు చేతిలో ఒక ఆధారం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, డబ్బు పడిన కాల్ ముగిశాక ఎంతసేపు మాట్లాడారు, ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నది కంపెనీ తెలియజేయాలి. అడిగితే వాడకం వివరాల బిల్లు కూడా ఇవ్వాలి. కాల్ తర్వాత తెర మీద మెరిసే ఆ సందేశాన్ని చూడకుండా మూసేసేవారే ఎక్కువ. జగిత్యాల ఇల్లాలు దాన్ని చదివితే 36 రూపాయలు కాల్‌కు పోయాయని, 9 మిగిలాయని కనిపిస్తుంది. 50లో తేడా పడ్డ ఆ 5 రూపాయలే తాను పంపిన ఎస్ఎమ్ఎస్ అని, నాలుగో నిమిషాన్ని మింగింది అదేనని అర్థమవుతుంది.