కొట్టు మూసినా ఒక రిటర్ను మిగిలే ఉంటుంది

షట్టర్ దించి, తాళాలు ఓనరు చేతిలో పెట్టేశాక జీఎస్టీ గొడవ కూడా తీరిపోయిందనుకుంటారు చాలామంది. రిజిస్ట్రేషన్ మాత్రం దానంతటది రద్దు కాదు. వ్యాపారం ఆపిన 30 రోజుల్లోగా పోర్టల్‌లో రెగ్-16 దరఖాస్తు పెట్టాలి. అప్పటిదాకా వేయాల్సిన నెలవారీ రిటర్నులు ఏవైనా ఆగిపోయి ఉంటే ముందు అవి వేసేయాలి.

అసలు లెక్క మిగిలిన సరుకు దగ్గర మొదలవుతుంది. కొన్నప్పుడు కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకున్నారు కదా, అమ్మకుండా మిగిలిన దానికి ఆ మేరకు వెనక్కి కట్టాలి. ఒక రెడీమేడ్ బట్టల కొట్టు అనుకుందాం. మూసే ముందురోజుకి 2 లక్షల రూపాయలకు కొన్న సరుకు మిగిలింది. 5 శాతం చొప్పున తీసుకున్న క్రెడిట్ 10,000. అదే సరుకు ఇప్పుడు అమ్మితే 2,40,000 వస్తుందంటే దాని మీద పన్ను 12,000. రెండిట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి, అంటే 12,000. మూడేళ్ల కిందట 50,000 పెట్టి కొన్న కంప్యూటర్ ఉంటే దాని లెక్క వేరు. యంత్ర సామగ్రి ఆయుష్షు 60 నెలలని నిబంధన. తీసుకున్న క్రెడిట్ 9,000లో మిగిలిన 24 నెలల వాటా 3,600. దాన్ని 15,000కు అమ్మితే వచ్చే పన్ను 2,700 కాబట్టి ఇక్కడ 3,600 కట్టాలి. ఈ సొమ్మును పోర్టల్‌లోని క్రెడిట్ లెడ్జర్ నుంచైనా, క్యాష్ లెడ్జర్ నుంచైనా చెల్లించవచ్చు. నన్నడిగితే, దరఖాస్తుకు ముందే సరుకు వీలైనంత అమ్మేసుకోవడమే మేలు.

ఆ తర్వాతే చాలామంది దెబ్బతినేది. అధికారి రద్దు ఉత్తర్వు ఇచ్చాక జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను వేయాలి. రద్దు తేదీ, ఉత్తర్వు తేదీ, ఈ రెండిట్లో ఏది తర్వాత వస్తే దాన్నుంచి మూడు నెలలు గడువు. మార్చి 31 నుంచి రద్దని ఏప్రిల్ 20న ఉత్తర్వు వస్తే జులై 20 దాకా సమయం ఉంటుంది. సరుకేమీ మిగలకపోయినా సున్నా చూపి వేయాల్సిందే. గడువు దాటితే రోజుకు 200 రూపాయల ఆలస్య రుసుము, గరిష్ఠంగా 10,000 దాకా. అంటే 50 రోజులకే పూర్తి మొత్తం పడిపోతుంది. అప్పటికీ వేయకపోతే 15 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. దానికీ కదలకపోతే అధికారి తన దగ్గరున్న సమాచారంతోనే పన్ను తేల్చేస్తారు.

కొట్టు మూయగానే ఫోన్ నంబరు మార్చేసేవాళ్లకు ఈ కబుర్లేవీ చేరవు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన సిమ్మును, మెయిల్‌ను ఆఖరి రిటర్ను అయ్యేదాకా ఉంచుకోండి. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి మాత్రం జీఎస్టీఆర్-10 అక్కర్లేదు.