ఓటీపీ రాలేదు, ఖాతా పోయింది

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే చిన్న స్టూడియో ఒకటి ఉందనుకుందాం. కొత్త కంప్యూటర్ కొన్నారు. ఫోటోషాప్‌కి నెలనెలా చందా కట్టడం యజమానికి ఇష్టం లేదు. యూట్యూబ్‌లో వెతికితే ‘ఫుల్ వెర్షన్ ఫ్రీ’ అని ఒక వీడియో, దాని కింద ఒక లింకు కనిపించాయి. దిగిన జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ 1234 అని, ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయాలని కూడా అక్కడే రాసి ఉంది.

ఈ రెండు సూచనల్లోనే అసలు సంగతి ఉంది. పాస్‌వర్డ్ పెట్టి మూసిన జిప్ లోపల ఏముందో వెబ్‌సైట్లకుగానీ యాంటీవైరస్‌కుగానీ కనబడదు. 1234 అన్నది రహస్యం కోసం పెట్టింది కాదు, తనిఖీ తప్పించుకోవడానికి పెట్టింది. ఇక యాంటీవైరస్ మాట. ఎన్నో ఏళ్లుగా క్రాక్ ఫైలు కనబడగానే యాంటీవైరస్ అరవడం, మనం దాన్ని ఆపేయడం మామూలైపోయింది. ‘క్రాక్ అంటే అరుస్తుందిలే’ అన్న ఈ అలవాటే దొంగకు పెట్టుబడి. అతను తాళం పగలగొట్టనక్కర్లేదు, తలుపు మనమే తీసి పెడతాం.

సెటప్ మీద క్లిక్ చేశాక ఒక్కోసారి ఫోటోషాప్ నిజంగానే తెరుచుకుంటుంది. ఒక్కోసారి ఏదో డీఎల్‌ఎల్ ఫైలు లేదని ఎర్రర్ వస్తుంది, యజమాని విసుక్కుని ఇంకో లింకు వెతుక్కుంటాడు. రెండింట్లో ఏది జరిగినా దొంగ పని ఆపాటికే అయిపోయి ఉంటుంది. ఇలాంటి ప్రోగ్రాములను ఇన్ఫోస్టీలర్లు అంటారు. రెడ్‌లైన్, విడార్, లుమ్మా అనేవి వాటిలో పేరుమోసినవి. ఇవి కంప్యూటర్‌ను పాడుచేయవు, తెర మీద బెదిరింపు చూపించవు. బ్రౌజర్ దాచుకున్నవన్నీ మూటగట్టి బయటికి పంపేస్తాయి. కొన్ని ఆ తర్వాత తమను తామే చెరిపేసుకుంటాయి కూడా.

బ్రౌజర్ పాస్‌వర్డ్‌లను గూఢలిపిలో దాస్తుందిగదా అనిపించవచ్చు. దాస్తుంది. అయితే విండోస్‌లో ఆ గూఢలిపి తాళంచెవి చాలాకాలం పాటు మన విండోస్ లాగిన్‌తోనే ముడిపడి ఉండేది. మన లాగిన్ కింద నడిచే ఏ ప్రోగ్రామ్ అడిగినా విండోస్ విప్పి ఇచ్చేది. క్రాక్ నడిపింది మనమే కాబట్టి అది మన పేరు మీదే అడుగుతుంది. 2024 జులైలో క్రోమ్ ఈ పద్ధతి మార్చి, కుకీల తాళంచెవిని క్రోమ్ ఒక్కటే అడగగలిగేలా కట్టుదిట్టం చేసింది. కొద్ది నెలల్లోనే స్టీలర్ తయారీదారులు దానికీ దారి కనిపెట్టారు.

ఇప్పుడు కుకీల దగ్గరికి వద్దాం. దొంగకు పాస్‌వర్డ్ కంటే విలువైనవి ఇవే. జీమెయిల్‌లో ఒకసారి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్లాక మళ్లీ రోజూ అడగదు కదా. ఎందుకంటే, ‘ఇతను పరీక్ష పాసయ్యాడు’ అని గుర్తుగా ఒక పొడవాటి అంకెల, అక్షరాల వరసను మన బ్రౌజర్‌లో పెట్టి ఉంచుతుంది. అదొక బస్ పాస్ లాంటిది. కండక్టర్ పాస్ చూస్తాడుగానీ దరఖాస్తు కాగితాలు మళ్లీ అడగడు. ఆ వరసను తీసుకెళ్లి వేరే కంప్యూటర్‌లోని బ్రౌజర్‌లో పెడితే, తెరుచుకునేది మన జీమెయిలే. లాగిన్ అన్నదే జరగలేదు కాబట్టి ఓటీపీ రాదు. ‘కొత్త పరికరం నుంచి లాగిన్’ అనే హెచ్చరిక కూడా చాలాసార్లు రాదు. బ్యాంకు సైట్లు కొద్ది నిమిషాలు కదలిక లేకపోతే బయటికి తోసేస్తాయి, అందుకే అక్కడ ఈ ఎత్తు అంతగా పారదు. నెలల తరబడి తెరిచే ఉండే జీమెయిల్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌లే దీనికి అనువైన చోట్లు.

2023 మార్చిలో కెనడాకు చెందిన లైనస్ టెక్ టిప్స్ అనే యూట్యూబ్ ఛానల్‌కు ఇదే జరిగింది. కోటిన్నరకు పైగా చందాదారులున్న ఛానల్, పైగా కంప్యూటర్ల గురించి చెప్పేది. అక్కడ వల క్రాక్ కాదు, స్పాన్సర్‌షిప్ ఒప్పందం పేరుతో వచ్చిన ఒక ఫైలు. ఒక ఉద్యోగి దాన్ని తెరిచాడు. పాస్‌వర్డ్ అడగకుండానే దొంగలు ఛానల్‌లోకి వెళ్లి, పేరు మార్చి, క్రిప్టో మోసం వీడియోలు లైవ్‌లో పెట్టారు. క్రాక్‌లో వచ్చేదీ ఇదే సరుకు, పైకి చుట్టిన కాగితమే వేరు.

అయితే గుంటూరులో ఉన్న మనిషి కుకీ అకస్మాత్తుగా ఇంకో ఖండం నుంచి కనిపిస్తే గూగుల్‌కు అనుమానం రావచ్చు. దొంగకు దాన్ని తప్పించుకునే ఉపాయాన్ని ఉచిత వీపీఎన్ అందిస్తుంది. అసలు వీపీఎన్ నడపాలంటే సర్వర్లకు డబ్బు కావాలి. చందా లేదు, ప్రకటన లేదు అంటే అమ్ముడుపోతున్నది మన ఇంటి ఇంటర్నెట్ కనెక్షనే కావచ్చు. 2024 మేలో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన 911 ఎస్5 కేసు ఇలాంటిదే. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్, షైన్ వీపీఎన్ వంటి ఉచిత యాప్‌ల ద్వారా దాదాపు 200 దేశాల్లోని కంప్యూటర్లను కలిపి, 1 కోటి 90 లక్షల ఐపీ చిరునామాలను నేరస్థులకు అద్దెకిచ్చారు. ఈ యాప్‌లను పైరసీ సాఫ్ట్‌వేర్‌లో కలిపి కూడా పంచారని న్యాయశాఖ చెప్పింది. అద్దెకు తీసుకున్నవాడు ఏ ఊరు కావాలో ఎంచుకుంటాడు. మీ కుకీ దొంగిలించినవాడు మీ పక్క వీధి కనెక్షన్ నుంచే వచ్చినట్టు కనబడతాడు. మరెక్కడో జరిగిన మోసానికి మీ ఇంటి ఐపీ చిరునామా పోలీసుల ముందుకు రావడం దీనికి రెండో వైపు.

ఎక్స్‌టెన్షన్ల విషయంలో ఇంత శ్రమ కూడా ఉండదు. ‘అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవడానికి, మార్చడానికి’ అనుమతి ఇచ్చామంటే బ్రౌజర్ లోపలే ఉన్న మనిషికి అధికారం రాసిచ్చినట్టే. వెబ్‌స్టోర్ బయట నుంచి జిప్‌గా వచ్చి, `chrome://extensions` పేజీలో Developer mode ఆన్ చేసి పెట్టమనే ఎక్స్‌టెన్షన్‌ను అసలు ముట్టుకోకూడదని నా అభిప్రాయం. స్టోర్‌లో ఉన్నంత మాత్రాన భరోసా లేదన్నదీ నిజమే. 2024 క్రిస్మస్ వేళ సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థ ఉద్యోగినే బోల్తా కొట్టించి, ఆ సంస్థ ఎక్స్‌టెన్షన్‌కు దొంగ అప్‌డేట్ ఎక్కించారు. వాడుతున్నవాళ్లు ఏదీ క్లిక్ చేయలేదు, అప్‌డేట్ దానంతటదే వచ్చింది. వాళ్ల గురి ఫేస్‌బుక్ ప్రకటనల ఖాతాల మీద. ఎక్స్‌టెన్షన్లు ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిదనడం అందుకే.

మన స్టూడియో యజమానికి అనుమానం వచ్చిందనుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో తను పెట్టని పోస్టు కనబడింది. చాలామంది వెంటనే అదే కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డ్ మారుస్తారు. స్టీలర్ ఇంకా లోపలే ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా వెళ్లిపోతుంది. ముందు ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయాలి. క్రాక్ పడని ఫోన్‌లోంచి జీమెయిల్‌తో మొదలుపెట్టాలి, మిగతా ఖాతాల తాళాలన్నీ దాని చేతిలోనే ఉంటాయి కాబట్టి. `myaccount.google.com` లో Security కింద Your devices తెరిచి అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేస్తే పాత కుకీలు చెల్లకుండా పోతాయి. ఆ తర్వాతే పాస్‌వర్డ్. రికవరీ ఫోన్ నంబర్, ఈమెయిల్ తనవేనా, మెయిల్ ఇంకెవరికైనా ఫార్వర్డ్ అయ్యేలా ఎవరైనా పెట్టారా అన్నది చూసుకోవాలి. లోపలికొచ్చినవాడు మళ్లీ రావడానికి చాలాసార్లు ఇక్కడే దారి పెట్టుకుంటాడు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ కూడా ఒకసారి తెరిచి, గుర్తుపట్టనివి తీసేయాలి.

కంప్యూటర్ సంగతి ఆఖరున. ఫోటోలను బయటి డిస్క్‌లోకి తీసుకుని, విండోస్‌ను మొదటినుంచి వేయించడమే మేలు. స్కాన్‌లో ఏమీ దొరకలేదంటే, స్టీలర్ పని ముగించి వెళ్లిపోయిందని కూడా అర్థం కావచ్చు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, లేదా `cybercrime.gov.in` లో ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇక ఆల్బమ్‌ల పనికి బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఫోటోపీ ఉంది, గింప్, క్రిటా ఉన్నాయి. ఈ మూడూ ఉచితమే, యాంటీవైరస్ ఆపమని ఏదీ అడగదు.